పాత చోక్, స్టార్టర్ తీసి ఎలక్ట్రానిక్ చోక్ బిగించడం: ఏ తీగ తీసెయ్యాలి, ఏది ఎక్కడ కలపాలి

ట్యూబ్‌లైట్ పట్టీలో పాత రాగి చోక్ పోయినప్పుడు దాని చోట ఎలక్ట్రానిక్ చోక్ పెట్టడం అరగంట పని. చిక్కల్లా ఒక్కటే. పాత చోక్‌కు రెండు తీగలుంటే కొత్తదానికి ఆరుంటాయి. రెండు తీగల వస్తువు తీసి ఆరు తీగల వస్తువు పెడుతున్నామంటే అది విడిభాగం మార్చడం కాదు, పట్టీ లోపలి వైరింగ్ మొత్తాన్ని మార్చడం. కొత్త చోక్ బిగించిన రోజే పోయిందంటే, చోక్ నాణ్యత కన్నా ముందు అనుమానించాల్సింది లోపల మిగిలిపోయిన పాత తీగల్ని.

ఇక్కడ ఒకే ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం: 230 వోల్టుల సరఫరా మీద నడిచే, ఒకే ట్యూబ్ ఉన్న నాలుగడుగుల పట్టీ. ట్యూబ్ 36 వాట్లది.

పాత వైరింగ్ ఎలా నడుస్తుంది

పాత పద్ధతిలో అన్నీ ఒకే వరసలో ఉంటాయి. స్విచ్ నుంచి వచ్చిన ఫేజ్ చోక్‌లోకి వెళ్తుంది. చోక్ రెండో కొన నుంచి ఎడమ హోల్డర్‌లోని ఒక పిన్‌కు, ట్యూబ్ లోపలి ఫిలమెంట్ గుండా అదే హోల్డర్‌లోని రెండో పిన్‌కు, అక్కడి నుంచి స్టార్టర్‌కు వెళ్తుంది. స్టార్టర్ నుంచి కుడి హోల్డర్‌లోని ఒక పిన్‌కు, అక్కడి ఫిలమెంట్ దాటి రెండో పిన్‌కు, చివరికి న్యూట్రల్‌కు చేరుతుంది.

స్విచ్ వేయగానే స్టార్టర్‌లోని చిన్న గాజుబుడ్డిలో వాయువు వెలుగుతుంది. ఆ వేడికి లోపలి లోహపు పట్టీ వంగి రెండో కొనకు తగులుతుంది. ఇప్పుడు దారి పూర్తయింది కనుక రెండు ఫిలమెంట్లలోనూ కరెంటు పారి అవి ఎర్రబడతాయి. ఈలోగా స్టార్టర్ చల్లారి పట్టీ విడిపోతుంది. పారుతున్న కరెంటు హఠాత్తుగా తెగడంతో చోక్ పెద్ద వోల్టేజీ దెబ్బ ఇస్తుంది, ట్యూబ్ అంటుకుంటుంది. అంటుకున్నాక ట్యూబ్ రెండు చివరల మధ్య సుమారు 100 వోల్టులే ఉంటాయి. అది స్టార్టర్‌ను మళ్ళీ లేపడానికి చాలదు. ఇక అక్కడి నుంచి చోక్ పని కరెంటును 0.43 ఆంపియర్ల దగ్గర పట్టి ఉంచడం. ఈ పని చేస్తూ అదే 10 వాట్ల దాకా వేడి రూపంలో పోగొడుతుంది. బాగా పాత చోక్‌లైతే అంతకన్నా ఎక్కువే పోగొడతాయి.

కొత్త చోక్ లోపల ఏముంది

ఎలక్ట్రానిక్ చోక్ ముందుగా 230 వోల్టుల ఏసీని డీసీగా మారుస్తుంది. 230ని 1.414తో గుణిస్తే వచ్చే 325 వోల్టుల డీసీ ఒక కెపాసిటర్‌లో నిలుస్తుంది. దాన్ని రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా తెరుస్తూ మూస్తూ సెకనుకు 20 వేల సార్లకు పైగా అటూ ఇటూ మారే కరెంటుగా చేస్తాయి. ఆ కరెంటు ఒక చిన్న కాయిల్ గుండా ట్యూబ్‌కు వస్తుంది.

అర్థం చేసుకోవాల్సిన కీలకం ఆ తర్వాతే ఉంది. ట్యూబ్ రెండు చివరల మధ్య, చోక్ లోపల, ఒక కెపాసిటర్ ఉంటుంది. ట్యూబ్ అంటుకోక ముందు కరెంటుకు దారి ఇదే: కాయిల్ నుంచి ఒక ఫిలమెంట్, దాన్ని దాటి ఆ కెపాసిటర్, దాన్ని దాటి రెండో ఫిలమెంట్. కాయిల్, కెపాసిటర్ కలిసి అనునాదం చెందడంతో ట్యూబ్ మీద కొన్ని వందల వోల్టులు పుట్టి అది అంటుకుంటుంది. అంటే స్టార్టర్ పనిని ఈ కెపాసిటర్ తీసుకుంది. స్టార్టర్‌కు ఇక చోటు లేదు. ఒక్కో ఫిలమెంట్‌కు రావడానికి ఒక తీగ, పోవడానికి ఒక తీగ కావాలి కనుకే ట్యూబ్ వైపు నాలుగు తీగలు. అవి విడివిడిగా నాలుగు కావు, రెండు జంటలు. ఒక జంట ఒక చివరకు, రెండో జంట రెండో చివరకు.

ఈ ఒక్క మాట పట్టుకుంటే వైరింగ్‌లో జరిగే మూడు పెద్ద తప్పులూ వాటంతటవే అర్థమవుతాయి.

మొదటిది, జంటలు కలిసిపోవడం. ఒక జంటలోని తీగ, రెండో జంటలోని తీగ ఒకే హోల్డర్‌కు పోయాయనుకుందాం. అప్పుడు చోక్ అవుట్‌పుట్‌కు అడ్డంగా ట్యూబ్ కాక, కొద్ది ఓమ్‌ల ఫిలమెంట్ ఒక్కటే పడవచ్చు. ఫిలమెంట్ ఒక్కసారి మెరిసి తెగిపోతుంది, లేదా ట్రాన్సిస్టర్లు పోతాయి. రెండవది, కుడి హోల్డర్‌కు వెళ్ళే పాత న్యూట్రల్ తీగను అలాగే ఉంచెయ్యడం. చోక్ అవుట్‌పుట్ ఎప్పుడూ మెయిన్స్ తీగకు నేరుగా తగలకూడదు. తగిలితే లోపలి డయోడ్ల గుండా షార్ట్ దారి ఏర్పడి స్విచ్ వేసిన క్షణమే చోక్ పోతుంది. మూడవది, స్టార్టర్‌ను దాని స్థానంలోనే ఉంచడం. ట్యూబ్ అంటుకోవడానికి పుట్టే వోల్టేజీకి స్టార్టర్ కూడా వెలిగి, మూసుకుని, ట్యూబ్‌ను దాటవేస్తుంది. ట్యూబ్ మిణుకుతుంది గానీ నిలవదు, చోక్ మీద భారం పడుతుంది.

స్టార్టర్ ఒక్కటి తీసి దాని హోల్డర్ తీగలు వదిలేస్తే చాలు కదా అంటారు కొందరు. విద్యుత్తు లెక్కలో అది సరే. కానీ ఖాళీ స్టార్టర్ హోల్డర్ కనిపిస్తే, ఏ రోజో ట్యూబ్ వెలగనప్పుడు ఎవరో ఒకరు అందులో స్టార్టర్ పెడతారు. తీగలు పూర్తిగా తీసెయ్యండి, వీలైతే హోల్డర్‌ను కూడా.

ఏ చోక్ కొనాలి

చోక్ వాట్లు ట్యూబ్ వాట్లకు సరిపోవాలి. నాలుగడుగుల ట్యూబ్‌లలో లావుపాటివి, అంటే 38 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి 40 వాట్లు. 26 మిల్లీమీటర్లవి 36 వాట్లు. రెండింటి పిన్‌లూ ఒకే దూరంలో ఉంటాయి కనుక ఒకే పట్టీలో కూర్చుంటాయి. రెండింటికీ పనికొచ్చే చోక్ అయితే లేబుల్ మీద 36, 40 రెండూ రాసి ఉంటాయి. రెండడుగుల ట్యూబ్‌లు 18 లేదా 20 వాట్లు. 16 మిల్లీమీటర్ల సన్న ట్యూబ్ చోక్ వేరే జాతి, దాన్ని ఇందులో వాడకూడదు.

లేబుల్ మీద ఇంకొకటి చూడండి: పవర్ ఫ్యాక్టర్. 0.95 లేదా పైన ఉంటే లోపల దాన్ని సరిచేసే సర్క్యూట్ ఉందని అర్థం. చవక చోక్‌లలో ఇది 0.6 చుట్టూ ఉంటుంది. ఫిలమెంట్లను ముందుగా వేడిచేసే రకమైతే ఇంకా మంచిది. స్విచ్ వేశాక ఒక సెకను ఆగి వెలుగుతుంది. వేయగానే టప్పున వెలిగే రకం చూడ్డానికి బాగుంటుంది గానీ చల్లటి ఫిలమెంట్ మీద దెబ్బకొట్టి వెలిగిస్తుంది. అలా వెలిగిన ప్రతిసారీ ఫిలమెంట్ పూత కొంత రాలుతుంది. రోజుకు ఒకసారి వేసి ఆర్పే చోట ఫర్వాలేదు, బాత్రూమ్ లాంటి చోట ట్యూబ్ చివరలు త్వరగా నల్లబడతాయి.

విప్పడం

స్విచ్ ఆపడం చాలదు. స్విచ్ పొరపాటున న్యూట్రల్‌లో ఉంటే, ఆపినా పట్టీలో ఫేజ్ ఉంటుంది. మెయిన్ దగ్గర ఎంసీబీ దించండి. దించే ముందు టెస్టర్ పని చేస్తోందని వేరే ప్లగ్‌లో చూసుకోండి, దించాక పట్టీలోని రెండు తీగల మీదా పెట్టి చూడండి.

ట్యూబ్‌ను పావు మలుపు తిప్పి తీయండి, ఎక్కడైనా భద్రంగా పెట్టండి. లోపల పాదరసం ఉంటుంది కనుక పగలకూడదు. స్టార్టర్‌ను ఎడమకు తిప్పి తీయండి. పట్టీ మూత తెరిచి, ఏ తీగ ఎక్కడికి పోతోందో ఫోటో తీసుకోండి. లోపల డబ్బా లాంటి ఒక కెపాసిటర్ కూడా ఉంటే, అది పాత చోక్ పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేయడానికి పెట్టినది, 4 మైక్రోఫారడ్‌ల చుట్టూ ఉంటుంది. అందులో చార్జి నిలిచి ఉండవచ్చు కనుక దాని కొనలు వేళ్ళతో ముట్టకండి, ముందు ఓ పది కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో రెండు కొనలకూ తగిలించి ఖాళీ చేయండి. కొత్త చోక్‌కు ఆ కెపాసిటర్ అక్కర్లేదు, తీసెయ్యండి.

ఇప్పుడు పట్టీలో మిగలాల్సినవి ఇవే: బయటి నుంచి వచ్చే ఫేజ్, న్యూట్రల్, ఎర్త్, రెండు ఖాళీ హోల్డర్లు. హోల్డర్లకు ఒక్క పాత తీగ కూడా తగిలి ఉండకూడదు. హోల్డర్ ప్లాస్టిక్ పెళుసెక్కినా, పిన్ తాకే రేకులు నల్లబడినా వాటినీ మార్చండి. ఎలక్ట్రానిక్ చోక్‌కు వదులు పిన్ అంటే సెకనుకు వేల సార్లు రాజుకునే నిప్పురవ్వ.

బిగించడం

చోక్‌ను పట్టీ రేకుకు ఆనించి స్క్రూలతో బిగించండి. పాత రంధ్రాలు కుదరకపోతే కొత్తవి వేయండి, తీగల మీద వేలాడదీయకండి. లోపలి వేడి బయటికి పోవడానికి రేకు సాయం చేస్తుంది. చోక్‌ను సాధ్యమైనంతగా ట్యూబ్ చివరలకు, అంటే ఫిలమెంట్ల వేడికి దూరంగా, పట్టీ మధ్యలో పెట్టడం మేలు. చోక్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు వేడే శత్రువు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క.

ఇన్‌పుట్ వైపు రెండు తీగల్లో ఫేజ్ గుర్తు ఉన్నదానికి స్విచ్ ద్వారా వచ్చే ఫేజ్, రెండోదానికి న్యూట్రల్. తారుమారైనా చాలా చోక్‌లు వెలుగుతాయి, కానీ అప్పుడు లోపలి ఫ్యూజ్ న్యూట్రల్‌లో పడుతుంది. ఎర్త్‌ను పట్టీ రేకుకు కలపండి. రేకు పట్టీకి ఎర్త్ భద్రత కోసమే కాదు, ట్యూబ్ వెనక ఎర్త్ అయిన లోహం ఉంటే వెలగడం కూడా సులువవుతుంది.

అవుట్‌పుట్ నాలుగు తీగల జంటలు లేబుల్ మీది బొమ్మ చూసి తేల్చుకోండి. చాలావాటిలో ఒక జంట ఒక రంగు, రెండో జంట వేరే రంగు. కానీ రంగులకు ఒకే పద్ధతి లేదు, ఒక కంపెనీ చోక్ చూసి ఇంకో కంపెనీది కలపకండి. జంట లోపల ఏ తీగ ఏ పిన్‌కు అన్నది లెక్కలోకి రాదు. ఏ జంటను పొట్టిగా ఉంచాలో బొమ్మలో చెప్పి ఉంటే ఆ హోల్డర్ దగ్గరికి చోక్‌ను కాస్త జరపండి. మిగిలిన పొడవును చుట్టగా చుట్టి మూలన కుక్కకండి, కత్తిరించండి. అవుట్‌పుట్ తీగలను ఇన్‌పుట్ తీగలతో కలిపి కట్టకండి కూడా. అంత వేగంగా మారే కరెంటు పక్క తీగల్లోకీ రేకులోకీ కారుతుంది, రేడియోలో గరగర రావడానికి అదొక కారణం.

కరెంటు ఇవ్వకముందు మల్టీమీటర్‌తో చూడాల్సింది

తీగలు హోల్డర్లకు కలిపి, ట్యూబ్ పెట్టి, తీగల రెండో కొనలను చోక్‌కు ఇంకా కలపకుండా ఉంచండి. మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి ఒక జంటలోని రెండు తీగల మధ్య చూడండి. 36 వాట్ల ట్యూబ్ ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి ఐదు ఓమ్‌ల మధ్య చూపుతుంది. రెండో జంటకూ అంతే రావాలి. ఇప్పుడు మొదటి జంటలో ఒక తీగ, రెండో జంటలో ఒక తీగ పట్టుకోండి, ఏమీ రాకూడదు. వచ్చిందంటే జంటలు కలిసిపోయాయి. చివరిగా ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానికీ, మెయిన్స్ న్యూట్రల్‌కూ మధ్య చూడండి, అక్కడా ఏమీ రాకూడదు. పైన చెప్పిన మూడు తప్పుల్లో మొదటి రెండూ ఈ కొలతల్లో దొరికిపోతాయి. స్టార్టర్ మాత్రం చల్లగా ఉన్నప్పుడు తెరుచుకునే ఉంటుంది కనుక మీటర్‌కు దొరకదు, దాన్నీ దాని తీగల్నీ తీసేశారో లేదో కంటితోనే చూసుకోండి. చోక్ నుంచే పుట్టుకొచ్చిన తీగలున్న రకమైతే హోల్డర్ వైపు కొనలు కలపకముందు ఏది ఏ జంటో గుర్తు పెట్టుకుని, ట్యూబ్ పిన్‌ల మధ్య విడిగా కొలవండి.

మొదటిసారి స్విచ్ వేయడం

ఎంసీబీ ఎత్తి స్విచ్ వేశాక ట్యూబ్ ఒకటి రెండు సెకన్లలో వెలగాలి. వెలగకపోతే ఐదు సెకన్లకు మించి స్విచ్ ఉంచకండి. ఫిలమెంట్లు బాగుండి ట్యూబ్ అంటుకోకపోతే చోక్ అనునాద స్థితిలోనే ఉండిపోతుంది. కాయిల్‌లో, ట్రాన్సిస్టర్లలో మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు పారుతూ ఉంటుంది. రక్షణ సర్క్యూట్ లేని చోక్ ఆ స్థితిలో ఎక్కువసేపు నిలవదు. పాత పద్ధతిలో స్టార్టర్ టిక్ టిక్ మంటూ గంటల తరబడి ప్రయత్నించినా చోక్‌కు ఏమీ అయ్యేది కాదు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

అసలేమీ కదలిక లేకపోతే ట్యూబ్ పిన్‌లు సరిగా తిరిగి కూర్చోలేదేమో, ఫిలమెంట్ ఒకటి తెగిందేమో చూడండి. రెండు చివరలూ ఎర్రగా వెలుగుతూ మధ్య భాగం చీకటిగా ఉంటే ట్యూబ్ అరిగిపోయింది, లేదా సరఫరా వోల్టేజీ మరీ తక్కువ. ఒక చివరే గట్టిగా వెలిగిందంటే జంటల్ని మళ్ళీ చూడండి. కొత్త ట్యూబ్‌లో వెలుగు మెలికలు తిరుగుతూ కనిపిస్తే కంగారు పడకండి, కొన్ని గంటలు వెలిగాక సర్దుకుంటుంది. స్విచ్ ఆపాక కూడా ట్యూబ్ అప్పుడప్పుడు మెరుస్తుంటే స్విచ్ న్యూట్రల్‌లో ఉందని, లేదా స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉందని అర్థం. ఆ సన్న కరెంటు చోక్ లోపలి కెపాసిటర్‌ను మెల్లగా నింపి, నిండినప్పుడల్లా ఒక్కసారి వెలిగిస్తుంది.

వెలుగుతున్నప్పుడు అవుట్‌పుట్ వోల్టేజీని మామూలు మల్టీమీటర్‌తో కొలవకండి. ఆ వేగానికి మీటర్ చూపే అంకెకు అర్థం ఉండదు, పైగా అంటుకునేటప్పటి వోల్టేజీ మీటర్‌నే పాడుచేయవచ్చు. స్విచ్ ఉండగా ట్యూబ్ మార్చడం కూడా మానండి. ఒక చివర హోల్డర్‌లో ఉండి రెండోది చేతిలో ఉంటే షాక్ కొట్టవచ్చు.

పాత ట్యూబ్‌ను ఉంచాలా

ఈ విషయాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ కొత్త చోక్ ప్రాణం ఇక్కడే ఉంది. చివరలు బాగా నల్లబడిన ట్యూబ్ అంటే ఫిలమెంట్ పూత అయిపోవచ్చింది. ఒక చివర పూత పూర్తిగా పోతే కరెంటు ఒకవైపు బాగా, రెండో వైపు కష్టంగా పారుతుంది. ఆ చివర విపరీతంగా వేడెక్కుతుంది, చోక్ దానికి తగ్గ వోల్టేజీ ఇవ్వడానికి లాగుతుంది. మంచి చోక్ దాన్ని గుర్తించి ఆగిపోతుంది, చవకది ట్రాన్సిస్టర్లు పోగొట్టుకుంటుంది. కాబట్టి నల్లబడిన ట్యూబ్‌ను చోక్‌తో పాటే మార్చండి.

తెగిన ఫిలమెంట్ రెండు పిన్‌లను తీగతో కలిపి వెలిగించే చిట్కా కూడా ఇలాంటిదే. వెలుగుతుంది, నిజమే. తెగిన ఫిలమెంట్ చోటుకు తీగ వచ్చి దారి పూర్తవుతుంది. కానీ ఆ చివర ముందుగా వేడెక్కదు, దెబ్బ మీదే వెలుగుతుంది. కొన్ని రోజుల వెలుగు కోసం కొత్త చోక్‌ను పణంగా పెట్టడం మంచి లెక్క కాదు.

కరెంటు లెక్క, దాని హద్దులు

పాత పద్ధతిలో 36 వాట్ల ట్యూబ్, చోక్ కలిపి సుమారు 46 వాట్లు తింటాయి. ఎలక్ట్రానిక్ చోక్ మీద ట్యూబ్‌కు 32 వాట్లు చాలు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద అదే ట్యూబ్ ప్రతి వాటుకూ సుమారు పదో వంతు ఎక్కువ వెలుగిస్తుంది కనుక వెలుగు తగ్గదు. చోక్ నష్టం నాలుగు వాట్లు కలిపితే 36. తేడా 10 వాట్లు. రోజుకు 8 గంటలు వెలిగే ట్యూబ్‌కు ఏడాదికి 29 యూనిట్ల పైన మిగులుతుంది. సెకనుకు 100 సార్లు వచ్చే మిణుకు పోతుంది, లేత్ లాంటి తిరిగే యంత్రాల దగ్గర ఇది కంటికే కాదు, చేతులకూ క్షేమం. 170 వోల్టుల దగ్గర పాత ట్యూబ్ వెలగక కొట్టుకునే చోట ఇది మామూలుగా వెలుగుతుంది.

ఎక్కువ వోల్టేజీ ముందు మాత్రం ఇది పాత చోక్ అంత గట్టిది కాదు. సరఫరా 300 వోల్టులకు చేరితే లోపలి డీసీ 424 వోల్టులవుతుంది. చాలా చోక్‌లలోని కెపాసిటర్ 400 వోల్టులది. న్యూట్రల్ తెగి ఒక ఫేజ్ మీద వోల్టేజీ పెరిగే లైన్లలో, మెరుపులు ఎక్కువ పడే చోట చోక్‌లు గుంపుగా పోవడానికి కారణం ఇదే. అలాంటి చోట ముందు న్యూట్రల్ కనెక్షన్లు బిగించాలి, ఆ తర్వాతే చోక్‌లు మార్చాలి.

చివరిగా, మారిన పట్టీలోకి తర్వాత ఎప్పుడైనా ఎల్ఈడీ ట్యూబ్ పెట్టాలంటే, పాత చోక్, స్టార్టర్ పట్టీ కోసం తయారైనది ఇందులో పనిచేయదు, రెండూ పాడవవచ్చు. అందుకే పట్టీ మూత లోపల స్కెచ్ పెన్నుతో ‘ఎలక్ట్రానిక్ చోక్, స్టార్టర్ లేదు’ అని, తేదీతో సహా రాసి పెట్టండి.